i7 కన్నా ర్యామ్ ముఖ్యమయ్యే చోటు: మీ పనిని కొలిచి ల్యాప్‌టాప్ ఎంచుకోవడం

ఆన్‌లైన్‌లో రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కనే కనిపిస్తున్నాయి. ధర దాదాపు ఒకటే. ఒకదాంట్లో i7-1255U ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. రెండోదాంట్లో i5-1235U, 16 జీబీ ర్యామ్. చాలామంది చేయి మొదటిదాని వైపే వెళ్తుంది, i7 అంటే i5 కన్నా పైమెట్టు అని మనకు అలవాటైపోయింది కాబట్టి.

ఈ రెండు ప్రాసెసర్లనూ విప్పి చూద్దాం. రెండింటిలోనూ బరువు పనులు చేసే పెద్ద కోర్లు 2, తేలిక పనులు చేసే చిన్న కోర్లు 8, ఒకేసారి పని నడిచే దారులు, అంటే థ్రెడ్లు, మొత్తం 12. క్యాష్ రెండింటిలోనూ 12 ఎంబీ. బేస్ పవర్ రెండింటికీ 15 వాట్లే. ముఖ్యమైన తేడా గరిష్ఠ వేగంలో ఉంది: i7 ది 4.7 గిగాహెర్ట్జ్, i5 ది 4.4. అంటే 7 శాతం. అదీ చిప్ చల్లగా ఉన్న కొద్ది సెకన్ల పాటే అందే వేగం. ర్యామ్ మాత్రం ఒకదానికి రెండింతలు ఉంది, అది మెషీన్ ఆన్‌లో ఉన్నంతసేపూ పనికొస్తుంది. పేరులోని ఒక్క అంకె కోసం రోజంతా అవసరపడే దాన్ని వదులుకున్నట్టవుతుంది.

ఇలాంటి పొరపాటు జరగడానికి కారణం, లిస్టింగ్‌లో ఏది పెద్ద అక్షరాల్లో ఉందో దాన్ని బట్టి మనం పోల్చడం. పోలిక మన పని దగ్గర మొదలవ్వాలి. ఆ పనిని అంచనా వేయడం కాదు, కొలవవచ్చు. పావుగంట చాలు.

ముందు పాత మెషీన్‌ను కొలవండి

మీ రోజులో అన్నిటికన్నా బరువైన గంటను ఎంచుకోండి. బ్రౌజర్‌లో ఎప్పుడూ ఉండే ట్యాబ్‌లు, పెద్ద ఎక్సెల్ షీటు, వీడియో కాల్, పీడీఎఫ్‌లు, అన్నీ మామూలుగా తెరిచి ఉంచి పని చేసుకుంటూ Ctrl + Shift + Esc నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో Performance భాగంలోకి వెళ్లి Memory మీద నొక్కితే రెండు అంకెలు చూడాలి.

మొదటిది In use. ఇది ఆ క్షణాన నిజంగా ర్యామ్‌లో ఉన్నది. ఒక్క దీన్నే చూసి నిర్ణయానికి రావద్దు. విండోస్ ఉన్న ర్యామ్‌ను బట్టి తన వాడకాన్ని సర్దుకుంటుంది. 8 జీబీ మెషీన్‌లో 75 శాతం కనిపించినంత మాత్రాన కొరత ఉన్నట్టు కాదు, 16 జీబీ మెషీన్‌లో 9 జీబీ వాడుతోందంటే అంతా తప్పనిసరి అనీ కాదు.

రెండోది Committed. ఇది 12.6/16.4 GB లాగా జంటగా కనిపిస్తుంది. మొదటి అంకె, తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నీ కలిసి అడిగి తీసుకున్న మొత్తం. రెండో అంకె, ర్యామ్‌నూ డిస్క్ మీద విండోస్ పక్కన పెట్టుకున్న పేజ్ ఫైల్‌నూ కలిపితే వచ్చే హద్దు. 8 జీబీ ర్యామ్ ఉన్న చోట మొదటి అంకె 12, 13 దగ్గర తిరుగుతోందంటే, ప్రోగ్రాములు అడిగినదానికి ర్యామ్ సరిపోవడం లేదని అనుమానించాలి. అడిగినదంతా అవి వాడకపోవచ్చు కాబట్టి ఇది అనుమానమే, రుజువు కాదు.

రుజువు ఇంకోచోట దొరుకుతుంది. Windows + R నొక్కి `resmon` అని టైప్ చేసి, Memory ట్యాబ్‌లో Hard Faults/sec గ్రాఫు చూడండి. ర్యామ్‌లో ఉండాల్సినదాన్ని డిస్క్ నుంచి తెచ్చుకోవాల్సి వచ్చిన ప్రతిసారీ ఇది పెరుగుతుంది. కొత్త ప్రోగ్రాము తెరిచినప్పుడు ఒక్కసారిగా లేచి పడిపోవడం మామూలే. ఒక ట్యాబ్ నుంచి ఇంకో ట్యాబ్‌కు మారిన ప్రతిసారీ వందల్లోకి వెళ్తూ, అదే సమయంలో స్క్రీన్ బిగుసుకుపోతుంటే మీ సమస్య ర్యామ్. ప్రాసెసర్ ఎంత ఖరీదైనది తెచ్చినా ఆ బిగుసుకుపోవడం పోదు.

అదే Performance భాగంలో CPU మీద నొక్కి, పని చేస్తూ ఐదు నిమిషాలు గమనించండి. గ్రాఫు ఎక్కువసేపు 20, 30 శాతం మధ్యే ఉండి అప్పుడప్పుడు లేస్తుంటే, ఇప్పుడున్న ప్రాసెసరే మీ పనికి సరిపోతోంది. 90 దాటి నిమిషాల తరబడి అక్కడే ఉంటే ప్రాసెసర్ కోసం డబ్బు పెట్టడంలో అర్థం ఉంది. GPU గ్రాఫులో 3D అనేది దాదాపు నేల మీదే ఉంటే విడి గ్రాఫిక్స్ కార్డు ఊసు మరిచిపోవచ్చు. చివరగా సెట్టింగ్స్‌లో స్టోరేజ్ ఎంత నిండిందో రాసుకోండి.

పాత మెషీనే లేనివాళ్లు, అంటే మొదటిసారి కొంటున్న విద్యార్థుల్లాంటివాళ్లు, తాము వాడబోయే సాఫ్ట్‌వేర్ తయారీదారు ఇచ్చే అవసరాల పట్టిక చూడాలి. అందులో కనీస అవసరాలు కాదు, సిఫార్సు చేసిన వరుస చూడండి. కనీసం అన్నదానికి అర్థం ప్రోగ్రాము తెరుచుకుంటుందని మాత్రమే. విండోస్ 11 కనీస అవసరం కాగితం మీద 4 జీబీ ర్యామే, కానీ 4 జీబీతో బ్రౌజర్, వీడియో కాల్ రెండూ కలిపి నడపడం నరకం.

ప్రాసెసర్ పేరులో ఏ అక్షరం ఏం చెబుతుంది

ఇంటెల్‌లో i5, i7 కన్నా చివరి అక్షరం ఎక్కువ చెబుతుంది. U అంటే తక్కువ కరెంటుతో నడిచేది, 15 వాట్ల తరగతి. P అంటే 28 వాట్లు. H అంటే 45 వాట్లు. మొదట చెప్పుకున్న i7-1255Uలో పెద్ద కోర్లు రెండే. అదే తరానికి చెందిన i5-1240Pలో పెద్ద కోర్లు నాలుగు, థ్రెడ్లు 16. పేరు ప్రకారం చిన్నదైన i5, పేరు ప్రకారం పెద్దదైన i7ను బరువు పనుల్లో దాటేయగలదు. అయితే P, H రకాలు వేడెక్కుతాయి, ఫ్యాన్ చప్పుడు ఎక్కువ, బ్యాటరీ త్వరగా దిగుతుంది. రోజంతా బ్రౌజర్, డాక్యుమెంట్లు అయినప్పుడు U రకమే హాయి.

ఏఎమ్‌డీలో వల ఇంకో రకంగా ఉంది. 2023లో వచ్చిన 7000 వరుసలో మొదటి అంకె 7 ఆ ఏడాదిని మాత్రమే సూచిస్తుంది. లోపలి డిజైన్ ఏ తరానిదో చెప్పేది మూడో అంకె. Ryzen 5 7520U, Ryzen 5 7530U అని రెండు ఉన్నాయి. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. మొదటిదాంట్లో మూడో అంకె 2, అంటే జెన్ 2 డిజైన్, కోర్లు 4. రెండోదాంట్లో మూడో అంకె 3, అంటే జెన్ 3, కోర్లు 6. లిస్టింగ్ శీర్షికలో రెండింటికీ "రైజెన్ 5, 7000 సిరీస్" అనే రాస్తారు. పూర్తి నంబరు రాయని లిస్టింగ్‌ను నమ్మి ఆర్డరు పెట్టకండి. నంబరు దొరికాక ఆ నంబరుతో తయారీదారు పేజీకి వెళ్లి కోర్లు ఎన్నో చూస్తే సందేహం తీరుతుంది.

ఇంకో సంగతి ఏ స్పెసిఫికేషన్ పట్టికలోనూ ఉండదు. ఒకే చిప్‌ను సన్నటి బాడీలో, ఒకే ఫ్యాన్‌తో పెడితే కాసేపటికి వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. మందపాటి బాడీలో రెండు ఫ్యాన్లతో పెడితే అదే చిప్ అదే పనిని వేగం తగ్గకుండా పూర్తి చేస్తుంది. వీడియో ఎడిటింగ్ లాంటి నిమిషాల తరబడి సాగే పని ఉన్నవాళ్లు, ఆ మోడల్ మీద ఎవరైనా పది ఇరవై నిమిషాలు వరుసగా లోడ్ పెట్టి పరీక్షించిన సమీక్ష ఉందేమో వెతకాలి. మిగతావాళ్లకు ఇది పట్టింపు లేదు.

తర్వాత మార్చలేనిదానికే ముందు డబ్బు పెట్టాలి

డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఇంతకన్నా పనికొచ్చే కొలమానం లేదు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎస్ఎస్‌డీని తర్వాత మార్చుకోవచ్చు. వెనక మూత తీస్తే ఒక చిన్న స్క్రూతో బిగించిన పట్టీలాంటి ఎం.2 కార్డు అది. ర్యామ్ అలా కాదు. LPDDR4X, LPDDR5 అని రాసి ఉంటే ఆ చిప్‌లు దాదాపు ఎప్పుడూ మదర్‌బోర్డు మీదే టంకం వేసి ఉంటాయి. వాటిని పెంచే దారి లేదు. 8 జీబీతో కొంటే ఆ మెషీన్ జీవితాంతం 8 జీబీయే.

కాబట్టి 8 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్ఎస్‌డీ ఒకవైపు, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ ఇంకోవైపు ఉంటే, టంకం వేసిన ర్యామ్ అయినప్పుడు రెండోదే తీసుకోవాలి. చోటు చాలకపోతే ఎస్ఎస్‌డీ మార్చుకోవచ్చు, బయటి డ్రైవ్ పెట్టుకోవచ్చు. ర్యామ్‌కు అలాంటి రెండో అవకాశం లేదు.

కొన్నింటిలో సగం సగం ఉంటుంది: 8 జీబీ బోర్డు మీద, పక్కన ఒక ఖాళీ స్లాటు. ఇది మంచి ఏర్పాటు. స్లాటు ఖాళీగా ఉన్నప్పుడు ర్యామ్ ఒక్క దారిలోనే నడుస్తుంది, దీన్నే సింగిల్ చానెల్ అంటారు. ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ తనకు కావలసిన మెమరీని ఈ ర్యామ్ నుంచే తీసుకుంటుంది కాబట్టి, సింగిల్ చానెల్‌లో ఆటలు, ఫొటో ఎడిటింగ్ బాగా మందగిస్తాయి. ఆ స్లాటులో ఇంకో 8 జీబీ స్టిక్ పెడితే పరిమాణం, దారి రెండూ పెరుగుతాయి. అందుకే "8 జీబీ, 16 వరకు పెంచుకోవచ్చు" అన్న మాట కనిపించినప్పుడు స్లాటు నిజంగా ఉందో లేదో తయారీదారు పట్టికలో సరిచూడండి. onboard, soldered అన్న మాటలు మాత్రమే ఉండి slot అన్న మాట లేకపోతే పెంచుకోవడం కుదరదనే లెక్క.

మార్చలేని మరో భాగం స్క్రీన్. రోజంతా మనం చూసేది దాన్నే, కానీ లిస్టింగ్‌లో ఫుల్ హెచ్‌డీ అన్న ఒక్క మాటతో సరిపెడతారు. పట్టికలో వెలుతురు దగ్గర 250 nits, రంగుల పరిధి దగ్గర 45% NTSC అని ఉందంటే అది చవక ప్యానెల్. కిటికీ పక్కన కూర్చుంటే అక్షరాలు వెలసిపోయినట్టు కనిపిస్తాయి, ఎరుపు నారింజ వైపు జారుతుంది. 300 nits పైన, రంగుల దగ్గర 100% sRGB అని గానీ 72% NTSC అని గానీ ఉంటే మేలు. ఈ చివరి రెండూ దాదాపు ఒకే స్థాయిని చెప్పే రెండు పద్ధతులు. రంగులతో పని లేకపోయినా వెలుతురు విషయంలో రాజీ పడకండి. ఇక 1920×1080 బదులు 1920×1200 ఉంటే నిలువుగా 120 గీతలు ఎక్కువ. మామూలు సైజులో ఎక్సెల్ తెరిస్తే అయిదారు వరుసలు అదనంగా కనబడతాయి. రోజంతా షీట్లలో పని చేసేవాళ్లకు ఇది, బొమ్మను సెకనుకు 144 సార్లు మార్చే 144 హెర్ట్జ్ స్క్రీన్ కన్నా చాలా విలువైనది.

వాడకుండానే డబ్బు పోయే రెండు చోట్లు

మొదటిది విడి గ్రాఫిక్స్ కార్డు. వేగంగా కదిలే ఆటలు, 3డీ డిజైన్, భారీ వీడియో ఎడిటింగ్ లేనివాళ్లకు అది బరువు, పెద్ద చార్జరు, ఫ్యాన్ చప్పుడు, తక్కువ బ్యాటరీ తప్ప ఇంకేమీ ఇవ్వదు. నిజంగా అవసరమైనవాళ్లు మాత్రం కార్డు పేరుతో ఆగకూడదు. ల్యాప్‌టాప్ RTX 4060 అనేది 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా అమర్చి ఉండవచ్చు. పేరు ఒకటే, పనితీరులో పెద్ద తేడా. పట్టికలో TGP, అంటే కార్డుకు అందే గరిష్ఠ కరెంటు, అన్న మాట పక్కన ఉన్న వాట్లు చూడాలి. ఆ అంకె రాయకపోతే తక్కువనే అనుకోండి.

రెండోది ఎస్ఎస్‌డీ వేగం. సెకనుకు 7,000 ఎంబీ, 3,500 ఎంబీ అని గొప్పగా రాస్తారు. అది ఒక పెద్ద ఫైలును ఒకే ఊపున చదివినప్పటి వేగం. బ్రౌజరు తెరవడం, విండోస్ మొదలవడం లాంటివి వేలకొద్దీ చిన్న ముక్కలను చదివే పనులు. వాటిలో ఈ రెండు రకాల మధ్య తేడాను చేతి గడియారంతో పట్టుకోవడం కష్టం. పట్టించుకోవాల్సింది ఒక్కటే: స్టోరేజ్ దగ్గర eMMC అని ఉంటే ఆ మెషీన్ జోలికి వెళ్లొద్దు. అది అసలైన ఎస్ఎస్‌డీ కాదు, నెమ్మది, పైగా బోర్డుకే అతికి ఉంటుంది.

మూడు ల్యాప్‌టాప్‌లు, ఒక పని

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుని మొత్తం లెక్క వేద్దాం. లెక్కలు చూసే ఒక ఉద్యోగి. బ్రౌజర్‌లో 20 ట్యాబ్‌లు, రెండు పెద్ద ఎక్సెల్ షీట్లు, రోజుకు రెండు వీడియో కాల్స్, బల్ల మీద ఒక 4కే మానిటరు. పాతది 8 జీబీ మెషీన్. కొలిస్తే వచ్చినవి ఇవి: In use 7.1 జీబీ, Committed 13 జీబీ, ట్యాబ్ మారినప్పుడల్లా హార్డ్ ఫాల్ట్స్ వందల్లో, ప్రాసెసర్ మామూలుగా 25 శాతం, కాల్స్‌లో 60. 3డీ వాడకం లేదు. స్టోరేజ్‌లో నిండింది 190 జీబీ.

ఎదురుగా ఉన్నవి మూడు. మొదటిది i7-1255U, బోర్డు మీద 8 జీబీ, స్లాటు లేదు, 1 టీబీ ఎస్ఎస్‌డీ, 15.6 అంగుళాల 1080 స్క్రీన్, 250 nits. రెండోది Ryzen 5 7530U, బోర్డు మీద 8 జీబీ, స్లాటులో ఇంకో 8 జీబీ, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 14 అంగుళాల 1920×1200 స్క్రీన్, 300 nits. మూడోది i5-12450H, RTX 3050, 16 జీబీ, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 144 హెర్ట్జ్ స్క్రీన్, బరువు 2.3 కిలోలు.

మొదటిదాన్ని ర్యామ్ ఒక్కటే కొట్టేస్తుంది. ఇప్పుడు పడుతున్న ఇబ్బందే కొత్త పెట్టెలో మళ్లీ వస్తుంది, i7 దాన్ని ఆపలేదు. 190 జీబీ మాత్రమే నిండిన మనిషికి 1 టీబీ వల్ల ఒరిగేదీ లేదు. మూడోది పనిని సునాయాసంగా చేస్తుంది, అనుమానం లేదు. కానీ ఆ ధరలో పెద్ద వాటా 3డీ వాడకం సున్నా అని తేలిన మనిషికి అమ్ముతున్న గ్రాఫిక్స్ కార్డుది. దాంతోపాటు బరువు, చప్పుడు. రెండోదాంట్లో 6 కోర్లు, కొలతకు సరిపడా 16 జీబీ, రెండు చానెళ్లు, షీట్లకు పనికొచ్చే నిలువు స్క్రీన్ ఉన్నాయి. రేపు చాలకపోతే స్లాటులోని 8 తీసి 16 పెట్టుకునే వీలును తయారీదారు పట్టికలో ఒకసారి చూసుకోవాలి.

అయినా ఇక్కడే "కొను" అని నొక్కకూడదు. ఈ ఉద్యోగికి 4కే మానిటరు ఉంది. రెండోదాని పట్టికలో HDMI పక్కన 1.4 అని ఉంటే, 4కేలో సెకనుకు 30 ఫ్రేములే వస్తాయి. మౌస్ బాణం ఆగి ఆగి కదిలినట్టు ఉంటుంది, పొద్దంతా అలా పని చేయలేం. HDMI 2.0 అయితే 60 వస్తాయి. 1.4 మాత్రమే ఉంటే USB-C పోర్టు డిస్‌ప్లేను పంపుతుందో లేదో చూడాలి, DisplayPort అన్న మాట ఆ పోర్టు పక్కన ఉండాలి. USB-C ఆకారం ఉన్న ప్రతి పోర్టూ డిస్‌ప్లే పంపదు, చార్జింగూ తీసుకోదు. కొన్ని డేటాకు మాత్రమే.

ఈ వివరాలు అమ్మకపు పేజీలో దొరక్కపోతే పార్ట్ నంబరు పట్టుకోండి. ఒకే మోడల్ పేరుతో వేర్వేరు స్క్రీన్లు, వేర్వేరు ర్యామ్ అమరికలు ఉన్న రకాలు అమ్ముతారు. వాటిని విడదీసేది చివర ఉండే పొడవాటి అక్షరాల అంకెల వరుస. సమీక్షలో మెచ్చుకున్నది 100% sRGB ప్యానెల్ ఉన్న రకం, మీకు వచ్చేది 45% NTSC రకం కావడం తరచూ జరిగే దెబ్బ. పార్ట్ నంబరును తయారీదారు సైటులో వెతికి ఆ పట్టికను సేవ్ చేసి ఉంచుకోండి. పెట్టె వచ్చాక అది అవసరమవుతుంది.

ఫోన్ దగ్గర ఇదే లెక్క

ఫోన్‌లో మెగాపిక్సెళ్ల మీద, "8+8 జీబీ ర్యామ్" మీద ఎక్కువ డబ్బు పోతుంది. ఆ రెండో 8 ర్యామ్ కాదు, స్టోరేజ్ నుంచి కోసి తీసిన ముక్క. 108 మెగాపిక్సెళ్ల సెన్సరు మామూలుగా తొమ్మిది పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫొటోయే ఇస్తుంది. ఈ రెండింటినీ పక్కన పెట్టి స్టోరేజ్, అప్‌డేట్లు చూడండి.

స్టోరేజ్‌ను కూడా లెక్క కట్టవచ్చు. ఇప్పటి ఫోన్ 24 నెలలు వాడారు, 96 జీబీ నిండింది, అందులో సిస్టమ్ 20 అనుకుందాం. మీది 76 జీబీ, నెలకు మూడు జీబీ పైచిలుకు. కొత్త ఫోన్‌ను 36 నెలలు వాడాలనుకుంటే, పాత 76కు 114 చేరుతుంది, సిస్టమ్‌తో కలిపి 210 జీబీ. మెమరీ కార్డు పెట్టే చోటు లేని ఫోన్ అయితే 128 చాలదు, 256 కావాలి. 512 అక్కర్లేదు. నెలకు అర జీబీ కూడా పెరగని వాళ్లకు ఇదే లెక్కలో 128 చాలని తేలుతుంది.

అప్‌డేట్ల విషయంలో ఒక మెలిక ఉంది. తయారీదారు నాలుగేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు అంటే సాధారణంగా ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు. రెండేళ్ల పాత మోడల్ భారీ తగ్గింపులో దొరికితే మీకు మిగిలింది రెండేళ్లే. తగ్గింపును మిగిలిన ఏళ్లతో భాగించి చూసుకోండి.

పెట్టె వచ్చిన రోజు

వాపసు గడువు నడుస్తుండగానే సరిచూడాల్సినవి ఉన్నాయి. పెట్టె తెరవడం మొదలుపెట్టినప్పటి నుంచి ఆపకుండా ఒకే వీడియో తీయండి, సీలు, లేబుల్ మీది పార్ట్ నంబరు కనిపించాలి. సెటప్ అయ్యాక Windows + R నొక్కి `msinfo32` టైప్ చేస్తే Processor, System SKU వస్తాయి. వాటిని మీరు సేవ్ చేసుకున్న పట్టికతో, పెట్టె మీది లేబుల్‌తో పోల్చండి.

టాస్క్ మేనేజర్‌లో Memory తెరిస్తే మొత్తం ర్యామ్, కింద Slots used, Form factor కనిపిస్తాయి. Form factor దగ్గర SODIMM అంటే తీసి మార్చుకునే స్టిక్. Row of chips అంటే టంకం వేసినది. 16 బదులు 15.3 లాంటి అంకె వాడకానికి అందుబాటులో ఉందని చూపితే కంగారు పడకండి, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కొంత తీసుకుంది. 512 జీబీ ఎస్ఎస్‌డీ 476గా కనిపించడం కూడా మోసం కాదు, తయారీదారు వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది.

తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది ఇవ్వండి:

```
powercfg /batteryreport
```

రిపోర్టు ఎక్కడ సేవ్ అయిందో అదే స్క్రీన్ మీద వస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరిచి Design Capacity, Full Charge Capacity పక్కపక్కన పెట్టి చూడండి. కొత్త మెషీన్‌లో రెండూ దాదాపు సమానంగా ఉండాలి. రెండోది పది పదిహేను శాతం తక్కువగా ఉండి, Cycle Count పదుల్లో ఉంటే అది ఎవరో వాడి వాపసు చేసినది కావచ్చు. Cycle Count దగ్గర గీత మాత్రమే ఉంటే ఆ మోడల్ ఆ లెక్కను చెప్పదని అర్థం, అప్పుడు సామర్థ్యాల తేడానే ఆధారం. తేడా కనిపిస్తే ఆ రిపోర్టును, వీడియోను జత చేసి అదే రోజు వాపసు కోరండి.

చివరగా పూర్తి నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలను ఒక్కొక్కటిగా స్క్రీన్ నిండా పెట్టి, గదిలో దీపం ఆర్పి మూలలు చూడండి. చచ్చిన పిక్సెల్ తెలుపు మీద నల్ల చుక్కగా, ఇరుక్కుపోయిన పిక్సెల్ నలుపు మీద రంగు చుక్కగా బయటపడుతుంది. ఒకటి రెండు చుక్కలను వారంటీ కింద ఒప్పుకోని తయారీదారులు ఉన్నారు, కాబట్టి ఈ పరీక్షను వాపసు గడువు దాటనివ్వకండి.